ఏడాది ఫొటోల వరుసకు క్యాప్షన్ రాశాను, చివరి వాక్యం దగ్గర కుదరడం లేదు

మిగిలిన_చుక్క
డిసెంబర్ 31న ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి ఈ ఏడాది ఫొటోలు పది ఏరుకున్నాను. నాలుగు రోజులుగా క్యాప్షన్ రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. ఫొటోల క్రమం ఇది.

1. జనవరి 15, కనుమ. అమలాపురం దగ్గర పల్లెలో అమ్మమ్మ వేస్తున్న రథం ముగ్గు.
2. ఫిబ్రవరి, కొత్త ఆఫీసు గుర్తింపు కార్డు.
3. మే, అమ్మమ్మ ఆవకాయ కలుపుతోంది.
4. మే చివర, విశాఖ బీచ్‌లో స్నేహితులతో.
5. జూలై, ఆసుపత్రిలో అమ్మమ్మ చేయి.
6. జూలై, అరుగు మీద ఖాళీ వాలుకుర్చీ.
7. సెప్టెంబర్, తాళం వేసిన ఇల్లు.
8. అక్టోబర్, హైదరాబాద్ ఫ్లాటులో ఒక్క దీపం.
9. నవంబర్, అరకు ప్రయాణం.
10. డిసెంబర్ 16, ధనుర్మాసం మొదటి రోజున ఫ్లాటు ముందు నేను వేసిన ముగ్గు.

ఇప్పటి క్యాప్షన్: "2025... ఒక రోలర్ కోస్టర్ రైడ్. నవ్వులు, కన్నీళ్లు, కొత్త మనుషులు, పాత జ్ఞాపకాలు. కొన్ని గెలిచాను, కొన్ని పోగొట్టుకున్నాను. అమ్మమ్మా, నువ్వు ఎక్కడున్నా నన్ను చూస్తూనే ఉంటావని తెలుసు. ఈ ఏడాది నాకు జీవితం విలువ నేర్పింది. థాంక్యూ 2025, వెల్‌కమ్ 2026."

చదువుతుంటే ఎవరో రాసినట్టుంది. ముఖ్యంగా చివరి వాక్యం నాకే నచ్చడం లేదు. ఏం చేయాలో చెప్పండి.

రీలు_రంగడు
ఇలాంటివాటికి పాట ముఖ్యం. నెమ్మదైన వీణ వాద్యం పెట్టి, ఆసుపత్రి ఫొటో వచ్చేసరికి శబ్దం తగ్గించండి. నలుపు తెలుపు ఫిల్టర్ కూడా బాగుంటుంది.

మిగిలిన_చుక్క
రంగడు గారూ, నేను వీడియో చేయడం లేదు. ఫొటోలు పక్కకు జరుపుకుంటూ చూసేవి, కింద రాత ఉండేవి. అడిగింది రాత గురించి.

సగంపేజీ
నా సలహా ఏమిటంటే ఫొటోకు ఒక వాక్యం చొప్పున అంకెలు వేసి పది వాక్యాలు రాయండి. చదివేవారికి ఏది ఏ ఫొటోకు చెందిందో తెలుస్తుంది, కథ దానంతట అదే వరుసగా నడుస్తుంది. క్యాప్షన్‌లో మొత్తం 2,200 అక్షరాలదాకా రాయవచ్చు కాబట్టి స్థలానికి ఇబ్బంది లేదు. అయితే మొదటి 125 అక్షరాలే బయటకు కనిపిస్తాయి, మిగిలినదాని కోసం నొక్కాలి. అందుకని అసలు విషయాన్ని ఆ 125లోనే ఇరికించండి.

పాత_డెస్కు
పత్రికలో ఇరవై రెండేళ్లు ఫొటోల కింద వ్యాఖ్యలు రాసి దిగిపోయినవాణ్ణి. సగంపేజీ గారు చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను.

మొదటి వాక్యమే బయటకు కనిపిస్తుందన్నది నిజం. కానీ ఆ 125ను తెలుగుకు యథాతథంగా తీసుకోకండి. "అమ్మమ్మ" అన్న మాట కంటికి మూడక్షరాలే అయినా, యూనికోడ్ లెక్కలో ఒత్తులూ పొల్లులూ విడివిడిగా చేరి ఏడు గుర్తులవుతుంది. పైగా ఫీడ్‌లో నిజంగా తెగేది దాదాపు రెండు వరుసల దగ్గర. మన అక్షరాలు వెడల్పు కాబట్టి ఆ రెండు వరుసలు ఇంగ్లీషుకన్నా త్వరగా నిండిపోతాయి. లెక్క మానేసి ఫోన్ తెర మీద చూసుకోవడమే ఉత్తమం. ఈ అమ్మాయి క్యాప్షన్‌లో ఆ రెండు వరుసల్లో పడేది రోలర్ కోస్టరూ, నవ్వులూ, కన్నీళ్లూ. అమ్మమ్మ ఉందన్న సంగతి నొక్కితే తప్ప తెలియదు, నొక్కడానికి కారణమూ కనిపించదు.

ఇక పది ఫొటోలకు పది వాక్యాలన్న సలహాతో ఏకీభవించను. చూసేవారు ఒక్కో ఫొటో దగ్గర ఆగి, కిందికి దిగి, ఆ అంకె వెతుక్కుని, మళ్లీ పైకి ఎక్కరు. ముందు చదివి ఫొటోలు చూస్తారు, లేదా ఫొటోలన్నీ చూసి వచ్చి చదువుతారు. రెండు విధాలా క్యాప్షన్ తన కాళ్ల మీద తాను నిలబడాలి. ఫొటోలో కనిపిస్తున్నదాన్ని మళ్లీ రాస్తే ఆ వాక్యం దండగ. మా డెస్కులో "కుర్చీ కనిపిస్తోంది కదా, కుర్చీ అని ఎందుకు రాశావు" అని తిట్టేవారు. ఫొటోలో లేనిది రాయాలి: ముందేం జరిగింది, తరవాత ఏం జరిగింది, ఎవరేమన్నారు.

సగంపేజీ
ఒత్తుల సంగతి నాకు తట్టలేదు. అంకెల విషయంలో మాత్రం నా మాట నాదే. మా చెల్లెలు పెళ్లి ఫొటోలకు అలాగే రాసింది, అందరూ మెచ్చుకున్నారు.

పాత_డెస్కు
పెళ్లికి సరిపోతుంది. అక్కడ ఎవరు ఎవరో చెప్పడమే పని.

డల్లాస్_దిబ్బరొట్టి
మొదటి వాక్యం గురించి నా అనుభవం చెబుతాను. రెండేళ్ల క్రితం నా ఉద్యోగం పోయింది. అద్దె తగ్గించుకోవడానికి చిన్న అపార్ట్‌మెంట్‌లోకి మారాము. ఏడాది చివర ఫొటోలు పెడుతూ మొదటి ఫొటోగా సర్దిన అట్టపెట్టెలు పెట్టి, "ఈ ఏడాది మేము ఇల్లు మారాము" అని మొదలుపెట్టాను. ఉద్యోగం సంగతి నాలుగో వాక్యంలో ఉంది. నలభైమందికి పైగా "కంగ్రాట్స్, గృహప్రవేశం భోజనం ఎప్పుడు" అని రాశారు. మా పెద్దనాన్న అయితే కొత్త ఇల్లు కొన్నామనుకుని ఊళ్లో మిఠాయి పంచారు.

చివర "అంతా మన మంచికే" అని ముగించాను. అది చదివి మా ఆవిడ, "ఎవరి మంచికి, ఆ ఆరు నెలలూ రెండు చోట్ల పనిచేసింది నేను కదా" అని అడిగింది. ఆ వాక్యాన్ని అప్పుడే తీసేశాను. దాని స్థానంలో ఏం పెట్టాలో ఇప్పటికీ తెలియదు.

మేడమీద_మల్లె
పెద్దనాన్న గారి మిఠాయి డబ్బులు ఎవరు ఇచ్చారో అదీ చెప్పండి.

డల్లాస్_దిబ్బరొట్టి
నేనే ఇచ్చాను. ఉద్యోగం లేనప్పుడు.

పాత_డెస్కు
అసలు విషయానికి వస్తాను. మిగిలిన_చుక్క గారూ, మీ పది ఫొటోల్లో రెండు కథలున్నాయి. ఒకటి మీ ఏడాది, రెండవది అమ్మమ్మ ఏడాది. గుర్తింపు కార్డు, బీచ్, అరకు మొదటి కథవి. మిగిలిన ఏడూ రెండవ కథవి. ఒకే క్యాప్షన్ రెంటినీ మోయాలని చూసినందువల్లనే మీ వాక్యాలు "కొన్ని గెలిచాను, కొన్ని పోగొట్టుకున్నాను" అని తేలిపోతున్నాయి. ఆ వాక్యం ఎవరి ఏడాదికైనా అతుకుతుంది. కార్డునూ అరకునూ తీసేయండి.

బీచ్ ఫొటో మాత్రం తీయమనడానికి చేయి రావడం లేదు. ఆవకాయకూ ఆసుపత్రికీ మధ్య దాన్ని ఎందుకు పెట్టారు? తేదీ ప్రకారం అక్కడ పడిందా, ఇంకేమైనా ఉందా?

మిగిలిన_చుక్క
తేదీ ప్రకారమే పడింది. కానీ మీరు అడిగాక ఆలోచించాను. ఆ రోజు బీచ్‌లో ఉండగా అమ్మమ్మ ఫోన్ చేసింది. ఊరినుంచి ఆవకాయ జాడీ పట్టుకొచ్చి అప్పటికి రెండు వారాలైంది. "జాడీకి వాసెన కట్టావా?" అని అడిగింది. స్నేహితులు పిలుస్తున్నారు, గాలి హోరులో సరిగా వినపడటం లేదు, కట్టానని చెప్పి పెట్టేశాను. నిజానికి కట్టలేదు. మూత పెట్టి వదిలేశాను. పది రోజుల తరవాత అమ్మమ్మ నూతి దగ్గర జారిపడింది. ఆ తరవాత ఆసుపత్రిలో మాట్లాడింది గానీ, నాతో ఇంటి సంగతి మాట్లాడిన చివరిసారి అదే.

మేడమీద_మల్లె
ఇంత రాయగలిగిన మీరు రోలర్ కోస్టర్ అని ఎందుకు రాశారండీ?

పాత_డెస్కు
మలుపు అక్కడ ఉంది. నవ్వుతున్న ఫొటో అది. చూసేవారికి సెలవు రోజు ఫొటోలా కనిపిస్తుంది, క్యాప్షన్ చదివి వెనక్కి వెళ్లి చూస్తే అదే ఫొటో వేరుగా కనిపిస్తుంది. బాధ ఎక్కడినుంచి మొదలైందో చెప్పడానికి ఆసుపత్రి ఫొటోకన్నా ఇది బలమైనది. ఆసుపత్రి ఫొటో అందరికీ ఒకేలా ఉంటుంది.

కోనసీమ_కొబ్బరాకు
అన్నిటికన్నా ముందు ఒక మాట అడగాలి. ఆసుపత్రిలో ఉన్న పెద్దావిడ చేతి ఫొటో పెట్టడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారా? మా నాన్నగారి విషయంలో మా తమ్ముడు ఐసీయూ ఫొటో పెట్టాడు. మా అమ్మ బంధువుల ఫోన్‌లో అది చూసి మూడు రోజులు అన్నం ముట్టలేదు. క్యాప్షన్ ఎంత బాగా రాసినా అమ్మ చూసింది సూదినే.

మిగిలిన_చుక్క
అడగలేదు. అమ్మా, మావయ్యా ఇద్దరూ ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నారు. ఐదో ఫొటో తీసేస్తాను. ఖాళీ వాలుకుర్చీ సరిపోతుంది.

సగంపేజీ
ఆసుపత్రి ఫొటో లేకపోతే విషాదం ఎలా తెలుస్తుంది? కుర్చీ ఖాళీగా ఉంటే ఎవరో లోపలికి వెళ్లారనుకుంటారు.

పాత_డెస్కు
దానికి క్యాప్షన్‌లో ఒక్క వాక్యం చాలు, "జూలైలో అమ్మమ్మ పోయింది" అని. "స్వర్గస్తురాలైంది", "మమ్మల్ని విడిచి అనంతలోకాలకు వెళ్లింది" అని రాయకండి, అవి సంతాప ప్రకటనల్లో మేము గజాల లెక్కన వాడిన మాటలు. ఇంట్లో ఏమంటారో అదే రాయండి.

కోనసీమ_కొబ్బరాకు
మా ఇళ్లలో పెద్దవాళ్ల గురించి "కాలం చేశారు" అంటాము. "పోయింది" అని రాస్తే మర్యాద తగ్గినట్టు ఉంటుంది.

మిగిలిన_చుక్క
మా ఇంట్లో అమ్మమ్మను ఎప్పుడూ "నువ్వు" అనే పిలిచాము. "పోయింది" అనే అంటాము. అదే ఉంచుతాను.

ఫిల్టర్_కాఫీ
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. పెద్దావిడ పోయి ఏడాది తిరగకుండా ముగ్గు వేయవచ్చా? మాలో సంవత్సరీకం అయ్యేదాకా పండుగలుండవు.

మిగిలిన_చుక్క
మావయ్యే కర్త కాబట్టి ఆ ఇంట్లో ఈసారి పండుగ లేదు. గుమ్మం ముందు ముగ్గూ లేదు. నేను కూతురి కూతుర్ని, నాకు మూడు రోజుల మైలే అన్నారు. అమ్మను అడిగే వేశాను.

ఫిల్టర్_కాఫీ
మావైపు ఆడపిల్ల పిల్లలు కూడా మానేస్తారు. ఇంటింటికీ వేరు.

పాత_డెస్కు
ఈ మాట మీ మొదటి టపాలో లేదు, ఇదే ముఖ్యం. అమ్మమ్మ ఇంటి ముందు ఈ సంక్రాంతికి ముగ్గు ఉండదు. మీ ఫ్లాటు ముందు ఉంటుంది. మొదటి ఫొటో, చివరి ఫొటో రెండూ ముగ్గులే. నడుమ ఇల్లు మూతపడింది. మీరు ఏదీ "నేర్చుకోలేదు". ఒక పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది. చివరి వాక్యం ఆ పని గురించే ఉండాలి.

తెలుగులో చివరి వాక్యానికి ఇంకో చిక్కు ఉంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. "నేర్పింది", "ఉంటావు", "మారింది" అని ఆగిపోతుంది, బరువైన మాట నడుమ ఎక్కడో ఉండిపోతుంది. బరువు చివర పడాలంటే వాక్యాన్ని తిప్పాలి. "నేను రేపు ఊరెళ్తున్నాను" అనడానికీ "నేను ఊరెళ్లేది రేపే" అనడానికీ తేడా చూడండి. రెండో దాంట్లో చెవిలో మిగిలేది "రేపే".

మేడమీద_మల్లె
రథం ముగ్గు తాడు సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? మా వీధిలో కనుమనాడు రథం వేసి, దాని తాడు గీతను పక్కింటి రథం దాకా లాగేవాళ్లు, వాళ్లు ఆ పక్కింటికి. వీధి చివరికి వెళ్లేసరికి అన్ని రథాలూ ఒకే తాడు మీద ఉండేవి. మొదటి ఫొటోలో తాడు పడిందా?

మిగిలిన_చుక్క
పడింది. నిజానికి నేను ముగ్గునే తీశాను, అమ్మమ్మను తీయలేదు. ఫొటోలో రథం ఉంది, తాడు ఉంది, తాడు చివర అమ్మమ్మ వేళ్లు ఉన్నాయి. ముఖం లేదు. ఇంకా చాలాసార్లు తీస్తాననుకున్నాను.

అడ్డం_ఫొటో
జాగ్రత్తగా చూసుకోండి. మొదటి ఫొటోకు ఏ కొలత ఎంచుకుంటే మిగిలినవన్నీ అదే కొలతకు కత్తిరింపు అవుతాయని నా అనుభవం. మీరు మొదటిదాన్ని నిలువుగా పెడితే తాడు పారిన పక్క తెగిపోతుంది, వేళ్లు పోతాయి. ఆ ఫొటో అడ్డంగా తీసిందైతే మొత్తం వరుసను అడ్డంగానే ఉంచండి. కుర్చీ ఫొటో పైన కొంచెం తెగినా ఫరవాలేదు. క్యాప్షన్‌ను తరవాత సరిచేసుకోవచ్చు గానీ, తెగిన వేళ్లు తిరిగి రావు.

మిగిలిన_చుక్క
అడ్డంగా తీసిందే. ఇప్పుడే పెట్టి చూశాను, నిలువు చేస్తే నిజంగానే వేళ్లు పోతున్నాయి. ఏడు ఫొటోలూ అడ్డంగా పెడతాను.

రాత్రి కూర్చుని మళ్లీ రాశాను:

"అమ్మమ్మ రథం ముగ్గు వేస్తే తాడు పక్కింటి గడప దాకా వెళ్లేది.

జనవరిలో ఆ ముగ్గునే ఫొటో తీశాను, అమ్మమ్మను తీయలేదు. మేలో ఆవకాయ కలిపి నాకొక జాడీ ఇచ్చింది. నేను సముద్రం దగ్గర ఉన్న రోజు ఫోన్ చేసి, వాసెన కట్టావా అని అడిగింది. కట్టానన్నాను. కట్టలేదు.

జూలైలో అమ్మమ్మ పోయింది. సెప్టెంబర్లో మావయ్య ఇంటికి తాళం వేశాడు. దీపావళికి ఒక్క దీపం పెట్టాను.

ధనుర్మాసం మొదటి రోజున ఫ్లాటు ముందు 15 చుక్కలు పెట్టి, సందు చుక్కతో 8 దాకా వచ్చాను. కలిపేసరికి రెండు చుక్కలు మిగిలిపోయాయి.

ఈ కనుమకు రథం తాడు మొదలయ్యేది మా గడప నుంచే."

మేడమీద_మల్లె
15 నుంచి 8 వేసి రెండు మిగిలాయంటే ఎక్కడో మెలిక తప్పింది. మిగలకూడదు.

మిగిలిన_చుక్క
తప్పింది. ఎక్కడో చెప్పే మనిషి లేదు.

కోనసీమ_కొబ్బరాకు
ఆ రెండు చుక్కల వాక్యాన్ని తీయకండి.

సగంపేజీ
బాగుంది, ఒప్పుకున్నాను. అయితే నాకు ఒక సందేహం. "కట్టలేదు" దగ్గర గుండె ఆగింది. తరవాత వచ్చిన వాక్యాలు దాన్ని చల్లార్చాయి. అక్కడే ఆపేస్తే?

పాత_డెస్కు
అక్కడ ఆపితే అది అపరాధ భావంతో ముగుస్తుంది. ఆ అమ్మాయి డిసెంబర్‌లో ముగ్గు పెట్టింది, ఆ సంగతి చెప్పకపోతే ఏడాదిని మే నెలలో వదిలేసినట్టు అవుతుంది. పైగా "కట్టలేదు" ఎంత గట్టిగా తగిలితే, తరవాతి "పోయింది" అంత పొడిగా ఉండవచ్చు. నేను మార్చేదల్లా దీపం వాక్యం. అది ఫొటోలో కనిపిస్తున్నదే, కొత్తగా ఏమీ చెప్పడం లేదు. తీసేయండి.

సగంపేజీ
నేనైతే "కట్టలేదు" అనే ముగిస్తాను. ఏడాది అంటే డిసెంబర్‌దాకా రాయాలని ఎక్కడా లేదు.

డల్లాస్_దిబ్బరొట్టి
ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అదే నా ఇబ్బంది. చివరి వాక్యంలో "ఈ కనుమకు" అన్నది నాకు నచ్చింది, ఎందుకంటే పోస్టు పెట్టేనాటికి అది ఇంకా జరగలేదు. "వెల్‌కమ్ 2026" చెప్పాలనుకున్నదీ అదే, కానీ ఇక్కడ ఎవరో నిజంగా పిండి పట్టుకుని కూర్చుంటారు. నా "అంతా మన మంచికే" స్థానంలో కూడా ఇలాంటి పని ఒకటి రాయాలి. మా ఆవిడ రెండో ఉద్యోగం మానేసిన రోజు తేదీ రాస్తాను.

ఫిల్టర్_కాఫీ
ఫ్లాట్ల వరండాలో తాడు ఎవరి గడపకు లాగుతారు? ఎదురు ఫ్లాటువాళ్లు గొడవ చేయరా? మా అపార్ట్‌మెంట్‌లో ముగ్గు పిండికి చీమలు వస్తున్నాయని సంఘంవాళ్లు నోటీసు అంటించారు.

మిగిలిన_చుక్క
ఎదురుగా ఉన్నది ఒడియా కుటుంబం. వాళ్లావిడ ఆ రోజు నిలబడి చూసి, తమవైపు మార్గశిరంలో గురువారాలు బియ్యప్పిండితో వేస్తామని చెప్పింది. తాడు సంగతి ఇంకా అడగలేదు.

దీపం వాక్యం తీసేసి, మిగిలినది ఉన్నది ఉన్నట్టు ఇప్పుడే పెట్టాను. అమ్మకు ముందే చదివి వినిపించాను.

రీలు_రంగడు
పాట పెట్టారా?

మిగిలిన_చుక్క
పెట్టలేదు రంగడు గారూ.

మేడమీద_మల్లె
అమ్మ ఏమన్నారు?

మిగిలిన_చుక్క
చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "వాసెన కట్టకపోతే ఆవకాయ బూజు పట్టి ఉంటుంది, చూశావా?" అని అడిగింది. వెళ్లి చూశాను. పైన రెండు వేళ్ల మందాన నూనె తేలి ఉంది, ముక్క గట్టిగా ఉంది, ఏమీ కాలేదు. పాత కండువా చింపి కట్టాను.